హరామి, ఇన్‌సైడ్ బార్: మదర్ క్యాండిల్ దాటితే కొందాం సరే, పోతే ఎంత పోతుంది?

ఈసారి ఎపిసోడ్‌లో ఇన్‌సైడ్ బార్ గురించి చెబుతున్నప్పుడు నాకే అర్థమైంది, కారు నడుపుతూ వినేవాళ్ళకి నాలుగు ధరలు వరసగా చదివితే ఒక్కటీ గుర్తుండదని. అందుకే లెక్కల భాగం ఇక్కడ నింపాదిగా రాస్తున్నాను. ఇదొక్క ట్రేడ్ కథ. షేరు పేరు చెప్పను, లెక్క సులువుగా ఉండాలని ధరలు కాస్త సరిచేశాను. ఫలానాది కొనమని చెప్పడానికి రాస్తున్నది కాదిది.

ముందు పేరు సంగతి. హైదరాబాద్‌లో పెరిగిన మనవాళ్ళకి హరామి అనగానే నవ్వొస్తుంది, అక్కడ అది తిట్టు కాబట్టి. జపనీస్‌లో మాత్రం గర్భంతో ఉన్న అని అర్థం. పెద్ద క్యాండిల్ కడుపులో చిన్న క్యాండిల్ ఇమిడి ఉంటుంది కాబట్టి ఆ పేరు. మదర్ క్యాండిల్ అనే మాట కూడా ఆ పోలికకి అతికినట్టు సరిపోతుంది. 1991లో స్టీవ్ నైసన్ రాసిన పుస్తకంతో ఈ జపనీస్ పేర్లు ఇక్కడ అమెరికాలో బాగా వాడుకలోకి వచ్చాయి.

హరామి, ఇన్‌సైడ్ బార్ రెండూ ఒకటే అని చాలామంది అనుకుంటారు. దగ్గరి చుట్టాలే గానీ ఒకటి కాదు. హరామిలో చూసేది బాడీని, అంటే ఓపెన్‌కీ క్లోజ్‌కీ మధ్య భాగాన్ని. రెండో రోజు బాడీ మొదటి రోజు బాడీ లోపల ఉంటే చాలు, విక్‌లు బయటికి పొడుచుకొచ్చినా హరామియే. ఇన్‌సైడ్ బార్‌లో చూసేది మొత్తం రేంజ్‌ని. రెండో రోజు హై మొదటి రోజు హై కంటే కింద ఉండాలి, లో మొదటి రోజు లో కంటే పైన ఉండాలి. బాడీలు ఎలా ఉన్నా పట్టింపు లేదు. బ్రేకౌట్ కోసం చూసేవాళ్ళకి కావలసింది ఈ రెండోదే. ఎందుకంటే విక్ అప్పటికే మదర్ హై దాటిపోయి ఉంటే, బ్రేక్ అవ్వడానికి గీత ఏదీ?

ఇక మన షేరు. మూడు నెలలుగా మెల్లగా పైకే వెళ్తోంది, యాభై రోజుల సగటు కంటే పైనే ఉంది. రోజుకి సగటున 2.10 డాలర్లు కదులుతుంది (చార్టులో ఏటీఆర్ పెట్టుకుంటే కనిపించేది ఈ అంకే). మంగళవారం 80.20 దగ్గర మొదలై, 79.90 దాకా దిగి, 84.10 దాకా ఎక్కి, 83.60 దగ్గర ముగిసింది. పొడుగాటి ఆకుపచ్చ క్యాండిల్, రేంజ్ 4.20. అంటే మామూలు రోజుకి రెట్టింపు. ఇది తల్లి. బుధవారం 83.30 దగ్గర మొదలై, 83.70 దాటకుండా, 82.40 కిందికి దిగకుండా, 82.70 దగ్గర ముగిసింది. చిన్న ఎర్ర క్యాండిల్. ఇది బిడ్డ.

ఇప్పుడు తమాషా చూడండి. బుధవారం క్యాండిల్ బాడీ మంగళవారం బాడీ లోపలే ఉంది, కాబట్టి ఇది హరామి. పెరుగుదల తర్వాత వచ్చింది కాబట్టి పుస్తకం ప్రకారం బేరిష్ హరామి, కొనేవాళ్ళ ఊపు తగ్గింది, వెనక్కి తిరగొచ్చు అని అర్థం. అదే క్యాండిల్ రేంజ్ కూడా లోపలే ఉంది, కాబట్టి ఇన్‌సైడ్ బార్. పైకి వెళ్ళే ట్రెండ్‌లో ఇన్‌సైడ్ బార్ వస్తే కాసేపు ఊపిరి పీల్చుకుంటోంది, మళ్ళీ పైకే వెళ్తుంది అంటారు. ఒకే క్యాండిల్‌కి రెండు పేర్లు, రెండు జోస్యాలు, పైగా ఒకదానికొకటి ఎదురు.

నేను చాలాకాలం ఏ పేరు నిజమా అని కొట్టుకున్నాను. తర్వాత అదే షేరు గంట చార్టు తెరిచి చూస్తే విషయం తెలిసింది. రోజు చార్టులో చిన్న క్యాండిల్‌గా కనిపించేది, గంట చార్టులో అటూ ఇటూ ఊగుతున్న ఇరుకు సందు, అంతే. నిన్నటి పరుగు తర్వాత కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ ఒక ధర దగ్గర తాత్కాలికంగా సర్దుకున్నారు. ఎటు వెళ్తుందో ఆ క్యాండిల్‌లో రాసి ఉండదు. అది మనకిచ్చేది రెండు గీతలు మాత్రమే. 84.10 దాటితే పైకి వెళ్తుందన్న మాట నిలబడుతుంది, 79.90 కిందికి వస్తే పడిపోతుంది. మన ఊహ తప్పని ఏ ధర దగ్గర ఒప్పుకోవాలో కొనకముందే తెలుస్తుంది. నేను ఈ సెటప్‌ని వాడేది ఆ ఒక్క కారణానికే.

ఇంకో మాట. పక్కకి నడిచే షేర్లలో ఇన్‌సైడ్ బార్లు వారానికొకటి పుడుతుంటాయి, పైకి ఒకసారి పొడిచి, కిందికి ఒకసారి పొడిచి, మళ్ళీ మధ్యలోకి వస్తాయి. అక్కడ నేను అసలు ముట్టుకోను. ట్రెండ్ ఉన్న షేరులో, తల్లి క్యాండిల్ స్పష్టంగా పెద్దదిగా ఉన్నప్పుడు మాత్రమే చూస్తాను.

బుధవారం రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుని ఆర్డర్ పెట్టాలి. రోజు చార్టు నాకు నచ్చేది ఇందుకే. డాలస్‌లో మార్కెట్ పొద్దున ఎనిమిదిన్నరకి తెరుచుకుంటుంది, సరిగ్గా మా టీమ్ మీటింగ్ టైముకి. స్క్రీన్ ముందు కూర్చునే వీలు లేదు.

ఎంట్రీ మదర్ హైకి పది సెంట్లు పైన, 84.20. సరిగ్గా 84.10 దగ్గర పెడితే ఆ ధరని ముద్దు పెట్టుకుని వెనక్కి వచ్చే రోజులు చాలా ఉంటాయి. స్టాప్ మదర్ లోకి పది సెంట్లు కింద, 79.80. ఒక్కో షేరు మీద రిస్క్ 4.40. ఖాతాలో 20,000 డాలర్లు ఉన్నాయనుకోండి, ఒక ట్రేడ్‌లో ఒక శాతం, అంటే 200 డాలర్ల కంటే పోగొట్టుకోకూడదని నియమం. 200ని 4.40తో భాగిస్తే 45 షేర్లు. కొనడానికి 3,789 డాలర్లు కావాలి. షేర్ల సంఖ్య మన ఉత్సాహాన్ని బట్టి కాదు, తల్లి ఎత్తుని బట్టి వచ్చిందని గమనించండి. తల్లి పెద్దదైతే షేర్లు తక్కువ, చిన్నదైతే ఎక్కువ. పోయేది మాత్రం ఒకటే, దాదాపు 200.

ఇక పైన ఎంత చోటుంది? ఈ షేరు పాత శిఖరం 91.50 దగ్గర ఉంది, అక్కడ అమ్మేవాళ్ళు కాచుకుని ఉంటారు. 84.20 నుంచి అక్కడికి 7.30. రిస్క్ 4.40కి లాభం 7.30, అంటే ఒకటికి 1.66. ఈ లెక్కన నూటికి 38 సార్లు గెలిస్తే చేతి డబ్బులు చేతికి వస్తాయి, ఖర్చులు పక్కన పెడితే. అదే పాత శిఖరం 88 దగ్గర ఉండి ఉంటే? రిస్క్ 4.40, లాభం 3.80. చార్టు ఎంత అందంగా ఉన్నా ఆ ట్రేడ్ వదిలేయాల్సిందే. పెద్ద తల్లితో వచ్చే చిక్కు ఇదే. రెండు రోజుల ప్రయాణం ఒక్క రోజులోనే అయిపోయింది, మనం దాని నెత్తి మీద కొంటున్నాం.

ఇక్కడే చాలామందికి ఒక ఆలోచన వస్తుంది. నాకూ వచ్చింది. స్టాప్ అంత దూరం ఎందుకు, బిడ్డ క్యాండిల్ కింద పెడితే సరిపోదా? బిడ్డ లో 82.40, స్టాప్ 82.30. ఒక్కో షేరు మీద రిస్క్ 1.90 మాత్రమే. 200ని 1.90తో భాగిస్తే 105 షేర్లు. లాభం అదే 7.30, అంటే ఒకటికి దాదాపు నాలుగు! నూటికి 21 సార్లు గెలిస్తే చాలు. పోయేది అదే 200, వచ్చేది 766. కాగితం మీద దీన్ని ఎవరు కాదంటారు?

నేను కాదనలేదు. నిజంగా తీసుకున్నది ఆ 105 షేర్ల ట్రేడే. ఎనిమిది వేల ఎనిమిది వందల నలభై ఒక్క డాలర్లు, ఖాతాలో నలభై శాతానికి పైనే. గురువారం 84.20 తగిలింది, 84.90 దగ్గర ముగిసింది. సాయంత్రం ఇంట్లో గర్వంగా చెప్పాను కూడా. ఆ సాయంత్రమే, మార్కెట్ మూసేశాక, కంపెనీ మూడు నెలల ఫలితాలు ప్రకటించింది. తేదీ నేను చూసుకోలేదు. వెబ్‌సైట్‌లో నెల ముందు నుంచే ఉన్న తేదీ. శుక్రవారం షేరు 78 దగ్గర తెరుచుకుంది. నా స్టాప్ 82.30. స్టాప్ ఆర్డర్ అంటే ఆ ధరకి అమ్ముతానన్న హామీ కాదు, ఆ ధర తగిలితే లేదా దాటితే మార్కెట్ ఆర్డర్‌గా మారుతుందన్న ఏర్పాటు మాత్రమే. 82.30 దగ్గర కొనేవాడే లేడు కాబట్టి 78కి అమ్ముడైంది. షేరుకి 6.20 చొప్పున 651 డాలర్లు పోయాయి. 200 అని రాసుకున్న కాగితం ఇంకా టేబుల్ మీదే ఉంది.

45 షేర్లతో ఉండి ఉంటే అదే గ్యాప్‌కి 279 పోయేవి. అనుకున్నదానికంటే ఎక్కువే, కానీ మూడింతలు కాదు. తేడా ఎక్కడుందంటే, దగ్గరి స్టాప్ రిస్క్‌ని తగ్గించలేదు, షేర్ల సంఖ్యని పెంచింది. మార్కెట్ తెరిచి ఉండి ధర మెట్టు మెట్టుగా దిగినంతసేపు రెండూ ఒకటే. రాత్రికి రాత్రి దూకిందంటే దెబ్బ తగిలేది స్టాప్‌కి కాదు, షేర్ల సంఖ్యకి.

దగ్గరి స్టాప్‌కి ఇంకో లోపం ఉంది, గ్యాప్ లేకపోయినా. ఈ షేరు మామూలు రోజున 2.10 కదులుతుంది. నా స్టాప్ దూరం 1.90. అంటే ఏ వార్తా లేని సాదాసీదా రోజు ఊగినా తగిలే చోట పెట్టాను. కొన్ని వారాల తర్వాత నా పాత ట్రేడ్‌లు తిరగేస్తే, స్టాప్ తగిలి నన్ను బయటికి తోసి, మర్నాడో ఆ మర్నాడో నేను అనుకున్న వైపే వెళ్ళినవి చాలా కనిపించాయి. అవన్నీ బిడ్డ కింద స్టాప్ పెట్టినవే. అందుకే ఇప్పుడు స్టాప్ దూరం ఆ షేరు రోజువారీ సగటు కదలిక కంటే తక్కువగా వస్తే ఆ ట్రేడ్ తీసుకోను. బిడ్డ కింద పెట్టడం తప్పని అనను. తల్లి మరీ పొడుగ్గా ఉన్నప్పుడు కొందరు మధ్యలో, సగం ఎత్తు దగ్గర పెడతారు. ఎక్కడ పెట్టినా, ఆ ఏటీఆర్ అంకెతో ఒకసారి పోల్చి చూసుకోవాలి.

కొనే ఆర్డర్‌కీ ఇదే గ్యాప్ జబ్బు ఉంది, అటు తిరిగి. 84.20 దగ్గర బై స్టాప్ పెట్టి పడుకున్నాం. పొద్దున 85.60 దగ్గర తెరుచుకుంది. ఆర్డర్ మార్కెట్ ఆర్డర్‌గా మారి 85.60కి కొంటుంది. స్టాప్ 79.80 దగ్గరే ఉంది కాబట్టి రిస్క్ షేరుకి 5.80, మొత్తం 261. పైన మిగిలిన చోటు 5.90. ఒకటికి ఒకటి. మనం లెక్కేసిన ట్రేడ్ కాదిది, ఇంకోటి. దీనికి మందు స్టాప్ లిమిట్ ఆర్డర్. 84.20 తగిలితే లేచి, 84.60కి మించి కొనకుండా ఉంటుంది. 84.60కి దొరికినా రిస్క్ 216, సర్దుకోవచ్చు.

ఈ మందుకీ ఒక దుష్ఫలితం ఉంది, దీన్ని పెద్దగా ఎవరూ చెప్పరు. 85.60 దగ్గర తెరుచుకుంటే ఆర్డర్ లేచింది, కానీ కొనలేదు. పోలేదు మరి, 84.60 లిమిట్ ఆర్డర్‌గా అక్కడే కూర్చుని ఉంటుంది. పదకొండింటికి ఉత్సాహం చల్లారి ధర జారుతూ 84.60కి వచ్చిందా, అప్పుడు కొంటుంది. పైకి పరిగెత్తేటప్పుడు మనల్ని వదిలేసి, పడిపోయేటప్పుడు ఎక్కించుకున్నట్టు. మధ్యాహ్నం భోజనం టైములో ఫోన్ తెరిస్తే కొన్నట్టు మెసేజ్, షేరేమో 83.50. రెండుసార్లు ఇలా అయ్యాక, లిమిట్ కంటే పైన తెరుచుకుంటే మీటింగ్ మధ్యలోనైనా సరే ఆ ఆర్డర్ రద్దు చేస్తున్నాను.

ఇక అబద్ధపు బ్రేకౌట్. గురువారం 84.35 దాకా వెళ్ళింది, మనం 84.20కి కొన్నాం, అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి 83.40 దగ్గర ముగిసింది. పైన పొడుగాటి విక్. స్టాప్ ఇంకా తగల్లేదు. ఏం చెయ్యాలి? ఒక పద్ధతి 79.80 దాకా ఆగడం, 198 పణంగా. నా పద్ధతి వేరు. కొన్న రోజు క్లోజ్ మళ్ళీ మదర్ హై లోపలికి వచ్చేస్తే ఆ రోజు చివర్లోనే అమ్మేస్తాను. షేరుకి 80 సెంట్లు, 45 షేర్లకి 36 డాలర్లు పోతాయి. కొన్నిసార్లు మర్నాడే పైకి వెళ్ళిపోతుంది, ఉడుక్కోవాలి. ఆ ఉడుకుమోతుతనానికి కట్టే ధర 36 డాలర్లే అనుకుంటాను.

ఇంకొందరు రోజు క్లోజ్ 84.10 పైన పడేదాకా అసలు కొనరు. అబద్ధపు పొడుపులు వాళ్ళకి తక్కువ తగులుతాయి. కానీ క్లోజ్ 85.30 దగ్గర పడితే రిస్క్ షేరుకి 5.50 అవుతుంది, 36 షేర్లే వస్తాయి, పైన చోటు 6.20కి తగ్గుతుంది. తప్పుడు సిగ్నల్ తప్పించుకోవడానికి ఖరీదు అలా కడుతున్నారు. ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకి ఇది తేలికే గానీ, మన డాలస్ టైములో మూడింటికి మార్కెట్ మూసేలోపు ఐదు నిమిషాలు ఖాళీ ఉండాలి.

బ్రేక్ రాకుండా రెండో బిడ్డ, మూడో బిడ్డ పుడితే? తల్లి మారదు, గీతలు అవే. నేను మూడు రోజులు ఆగి, రాకపోతే ఆర్డర్ తీసేస్తాను. పైకి వెళ్ళకముందే 79.90 విరిగితే వెంటనే తీసేస్తాను. ఇక్కడ జాగ్రత్త, రద్దు చేసేదాకా ఉండమని పెట్టిన ఆర్డర్‌ని మనం మర్చిపోయినా బ్రోకర్ మర్చిపోడు. రెండు వారాల తర్వాత వేరే ఏదో కారణంతో 84.20 దాటినా కొనేస్తుంది, అప్పటికి ఆ తల్లికి అర్థమే లేదు.

ట్యాక్స్ గురించి ఒకరు అడిగారు. ఇదే షేరులో 36 పోగొట్టుకుని, వారం తర్వాత మళ్ళీ బ్రేక్ వచ్చిందని కొన్నారనుకోండి. అమ్మిన రోజుకి ముందు 30 రోజులు, తర్వాత 30 రోజుల్లోపు అదే షేరు కొంటే వాష్ సేల్ కిందికి వస్తుంది. ఆ నష్టాన్ని ఇప్పుడు చూపించడానికి వీల్లేదు, కొత్తగా కొన్న షేర్ల కొనుగోలు ధరకి కలుస్తుంది. డిసెంబర్‌లో అమ్మి జనవరిలో కొన్నప్పుడు నష్టం లెక్క వచ్చే ఏడాదికి జరిగిపోతుంది, ఫారాలు నింపేటప్పుడు అదొక తలనొప్పి.

ఇప్పుడు ఆర్డర్ పెట్టే ముందు నా నోట్‌బుక్‌లో మొదటి గడి ఫలితాల తేదీ. మూడు రోజుల్లోపు ఉంటే మిగతా గడులు నింపను. తర్వాత మదర్ హై, మదర్ లో, ఏటీఆర్, పైన పాత శిఖరం, షేర్ల సంఖ్య. చివరి గడిలో ఇంకో సంఖ్య రాస్తాను, స్టాప్‌తో సంబంధం లేకుండా రేపు పొద్దున ఎనిమిది శాతం కింద తెరుచుకుంటే ఎన్ని డాలర్లు పోతాయో. 84.20 దగ్గర ఎనిమిది శాతం అంటే 6.74. 45 షేర్లకి 303, 105 షేర్లకి 708. ఆ గడి 400 దాటితే షేర్లు తగ్గిస్తాను.